నిమిషానికే ఆగిపోయే హెయిర్ డ్రయ్యర్: ఫ్యూజా, గాలా, కాయిలా?

స్విచ్ వేయగానే బాగానే తిరుగుతుంది, వేడి గాలీ వస్తుంది. నిమిషం అయ్యేసరికి టక్కున ఆగిపోతుంది. పది నిమిషాలు పక్కన పెట్టి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు మొదలవుతుంది, మళ్లీ నిమిషానికే ఆగుతుంది. షాపుకి తీసుకెళ్తే ఒకరు కాయిల్ పోయిందంటారు, ఒకరు థర్మల్ ఫ్యూజ్ మార్చాలంటారు, ఇంకొకరు దుమ్ము పట్టిందని తేల్చేస్తారు. ఈ మూడూ నిజంగా వచ్చే జబ్బులే. కానీ మూడింటి లక్షణాలూ ఒకటి కాదు. డ్రయ్యర్ ఎలా ఆగింది, ఆగాక ఏం చేసింది అన్నవి సరిగ్గా గమనిస్తే, స్క్రూ విప్పకముందే సగం సంగతి తేలిపోతుంది.

లోపల ఉన్నది ఏమిటి

వెనక జాలీ, దాని ముందు మోటారుకు తగిలించిన ఫ్యాను, దాని ముందు అభ్రకం రేకుల చట్రం మీద చుట్టిన నైక్రోమ్ తీగ. ఆ తీగనే కాయిల్ అంటున్నాం. అభ్రకం అంటే షాపుల్లో మైకా అనేదే, మన గూడూరు గనులకు పేరు తెచ్చిన ఖనిజం. కరెంటును పోనివ్వదు, ఎర్రగా కాలిన తీగను మోసినా మాడదు. అందుకే ఇన్నేళ్లయినా ఆ చట్రానికి ఇదే వాడుతున్నారు.

మోటారు సంగతి చాలామందికి తెలియదు. మామూలు డ్రయ్యర్లలో ఎక్కువ వాటిలో అది 230 వోల్టుల మోటారు కాదు, తక్కువ వోల్టుల డీసీ మోటారు. చట్రం మీదే ఇంకో చిన్న కాయిల్ ఉండి వోల్టేజీని తగ్గిస్తుంది, నాలుగు డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. అంటే కాయిల్‌లో ఒక భాగం గాలిని వేడి చేయడానికి, ఇంకో భాగం ఫ్యాను తిరగడానికి. ఈ రెండో భాగం తెగితే హీటర్ బాగానే ఉన్నా ఫ్యాను కదలదు.

వేడి హద్దు దాటకుండా కాపలా కాసేవి రెండు. మొదటిది బైమెటల్ కటౌట్. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలను అతికించిన చిన్న పట్టీ అది. వేడెక్కితే వంగి కాంటాక్టును విడదీస్తుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. రెండోది థర్మల్ ఫ్యూజ్. లోపల నిర్ణీత వేడికి కరిగే పదార్థం ఉంటుంది, కరిగిందంటే దారి శాశ్వతంగా తెగినట్టే. దాని ఒంటి మీద డిగ్రీలు ముద్రించి ఉంటాయి. డ్రయ్యర్లలో 152 డిగ్రీలది తరచుగా కనబడుతుంది. కొన్ని చవక మోడళ్లలో ఈ ఫ్యూజ్ అసలు ఉండదు, బైమెటల్ ఒక్కటే దిక్కు.

తిరిగి మొదలైందంటే ఫ్యూజ్ బాగున్నట్టే

గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. థర్మల్ ఫ్యూజ్ ఒకసారి పోతే తిరిగి రాదు. చల్లార్చినా, ఊదినా, తట్టినా రాదు. కాబట్టి పది నిమిషాలకు మళ్లీ పనిచేసిన డ్రయ్యర్‌లో ఫ్యూజ్ పోలేదు. ఆపుతున్నది బైమెటల్. చాలామంది రెండింటినీ కలిపి ఫ్యూజ్ అనేస్తారు. ఆ మాట విని ఇరవై రూపాయల భాగం మార్చినా రోగం అలాగే ఉంటుంది.

మరి ఫ్యూజ్ ఎప్పుడు పోతుంది? చాలాసార్లు ఇదే కథకు చివర్లో. బైమెటల్ రోజూ తెగుతూ కలుస్తూ ఉంటుంది. అది తెగిన ప్రతిసారీ మోటారు కూడా ఆగిపోయే అమరికలో, తీగలో మిగిలిన వేడిని బయటకు తోసే గాలి ఉండదు. ఆగిన తర్వాత కొన్ని సెకన్ల పాటు లోపలి వేడి ఇంకాస్త పెరుగుతుంది. ఇలా నెలల తరబడి సాగితే ఏదో ఒక రోజు ఫ్యూజ్ కరుగుతుంది. నిమిషానికి ఆగే డ్రయ్యర్ ఒకనాటికి పూర్తిగా మూగబోయిందంటే చాలామటుకు జరిగింది ఇదే. అప్పుడు ఫ్యూజ్ పోవడం నిజమే, కానీ రోగం అది కాదు, రోగం ముదిరిన గుర్తు.

ఆగడంలోనూ రెండు రకాలున్నాయి. కొన్ని డ్రయ్యర్లలో బైమెటల్ హీటర్ దారిలో మాత్రమే ఉంటుంది. అది తెగితే వేడి పోతుంది గానీ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, చల్లటి గాలి వస్తుంది, ఆ గాలికే పట్టీ చల్లారి కాసేపటికి వేడి తిరిగి వస్తుంది. వేడి, చల్లన, వేడి, చల్లన అని మారుతూ ఉంటే ఇదే. మిగతా వాటిలో బైమెటల్ మొత్తం కరెంటు దారిలోనే ఉంటుంది. అక్కడ అన్నీ ఒకేసారి ఆగిపోతాయి, గాలి లేదు గనక చల్లారడానికి నిమిషాలు పడుతుంది. రెండింటిలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: బైమెటల్ దగ్గర అంత వేడి ఎందుకు చేరుతోంది?

గాలి తగ్గితే ఎన్ని డిగ్రీలు పెరుగుతాయి

ఒక 1200 వాట్ల డ్రయ్యర్ తీసుకుందాం. సెకనుకు 15 లీటర్ల గాలిని తోస్తోందనుకుందాం. అంత గాలి బరువు సుమారు 18 గ్రాములు. కిలో గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1005 జౌళ్లు కావాలి. ఆ లెక్కన 1200 వాట్లు ఈ గాలిని 66 డిగ్రీలు పెంచుతాయి. గది 30 డిగ్రీలు ఉంటే మూతి దగ్గర సగటున 96 డిగ్రీలు.

ఇప్పుడు జాలీ సగం పూడుకుపోయి గాలి సగానికి పడిపోయిందనుకోండి. వాట్లు తగ్గలేదు, అవే 1200 వాట్లు సగం గాలిలోకి పోవాలి. పెరుగుదల 132 డిగ్రీలు, మూతి దగ్గర 162. బైమెటల్ తెగాల్సిన పరిస్థితే ఇది. అది తెగడం తప్పు కాదు, దాని పని అది చేస్తోంది.

గది వేడి కూడా ఈ లెక్కలో నేరుగా కలుస్తుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గది 42 డిగ్రీలుంటే, మూతి దగ్గరి ప్రతి అంకెకూ 12 చేర్చుకోవాలి. చలికాలం మూడు నిమిషాలు నడిచినది ఎండాకాలం నిమిషానికే ఆగుతోందంటే కొత్తగా ఏదో చెడిందని కాదు. గాలి అప్పటికే తగ్గి ఉంది, ఎండ దాన్ని బయటపెట్టింది.

గాలి ఎక్కడెక్కడ ఆగుతుంది

వెనక జాలీ అందరూ చూసే చోటు. తువ్వాలు నూలు, టాల్కం పౌడర్, రాలిన వెంట్రుకలు అక్కడ చేరతాయి. తలకు కొబ్బరినూనె రాసే ఇళ్లలో ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని గట్టి పొరలా మారుతుంది, ఉఫ్ అని ఊదితే పోదు. ప్లగ్ తీసి, జాలీ విప్పగలిగేదైతే తిప్పి విప్పి, పొడి టూత్‌బ్రష్‌తో గీకాలి. విడిగా వచ్చే జాలీని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి బిగించవచ్చు. విడిగా రాని జాలీకి తడి తగలనివ్వకూడదు. కొన్నిటిలో ప్లాస్టిక్ జాలీ వెనక సన్నటి స్టీలు వల ఇంకొకటి ఉంటుంది. బయటది మెరుస్తూ, లోపలిది పూర్తిగా మూసుకుపోయి ఉండటం మామూలే.

తర్వాతి చోటు కనబడదు. ఫ్యాను వెనక, మోటారు ఇరుసు మీద వెంట్రుకలు చుట్టుకుంటాయి. పొడవాటి జుట్టున్న ఇళ్లలో డ్రయ్యర్ విప్పితే ఇరుసు చుట్టూ చిన్న ఉండ కనబడుతుంది. అది బ్రేకులా పట్టి ఫ్యాను వేగాన్ని లాగేస్తుంది. జాలీ ఎంత శుభ్రం చేసినా తేడా రాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. ప్లగ్ తీసి ఉండగా, జాలీ వైపు నుంచి ఫ్యాను అందితే పుల్లతో తిప్పి చూడండి. వదిలాక కాస్త తేలిగ్గా తిరిగి ఆగాలి. జిగురు పట్టినట్టు వెంటనే నిలిచిపోతే వెంట్రుకలో, ఎండిపోయిన బుష్షులో కారణం.

మూడోది మూతి. సన్నటి నాజిల్ పెట్టి, దాన్ని జుట్టుకు ఆనించి ఆరబెడితే గాలి బయటకు పోయే దారే ఉండదు. డిఫ్యూజర్‌తోనూ అంతే. నాజిల్ తీసి చేతికి జానెడు దూరంలో పట్టుకుని నడిపితే ఆగకపోతే, డ్రయ్యర్‌లో చెడిందేమీ లేదు.

ఒక పరీక్ష చాలా సులువు. పేపర్ న్యాప్‌కిన్ ముక్కను వెనక జాలీ దగ్గర పెట్టి చల్లటి గాలి మీద నడపండి. అది జాలీకి అతుక్కుని నిలబడాలి. జారి పడిపోతే ఫ్యాను లాగుతున్న గాలి చాలడం లేదు.

కాయిల్ అరిగితే నిజంగా ఏం జరుగుతుంది

షాపుల్లో ఎక్కువగా వినబడే మాట ఇదే, లెక్కకు తక్కువగా నిలబడేదీ ఇదే. నైక్రోమ్ వాడేకొద్దీ పైన ఆక్సైడ్ పొర కడుతూ సన్నబడుతుంది. సన్నబడ్డ తీగకు నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే కరెంటు తగ్గి వేడి కూడా తగ్గుతుంది. 44 ఓమ్‌ల కాయిల్ 48 ఓమ్‌లకు పెరిగితే 1200 వాట్లు కాస్తా 1100కు దిగుతాయి. గోరువెచ్చగా వస్తోందన్న ఫిర్యాదుకు ఇది కారణం కావచ్చు గానీ, వేడెక్కి ఆగిపోవడానికి కాదు.

కాయిల్ వల్ల ఆగిపోయే సందర్భాలు వేరే ఉన్నాయి. ఒకటి, తీగ చుట్లు సాగి వేలాడి ఒకదానికొకటి తగలడం. తగిలిన చోట కరెంటు దగ్గరదారి పడుతుంది, నిరోధం తగ్గి వాట్లు పెరుగుతాయి. ఎనిమిదో వంతు చుట్లు ఇలా పోతే 44 ఓమ్‌లు 38.5 అవుతాయి, 1200 వాట్లు సుమారు 1375 అవుతాయి. పెద్ద దెబ్బలాగే కనబడుతుంది కదా? అదే 15 లీటర్ల గాలికి లెక్క కడితే పెరిగేది 10 డిగ్రీలే. గాలి సగం తగ్గినప్పుడు పెరిగింది 66. అందుకే కాయిల్ షార్టయినా గాలి బాగుంటే చాలా డ్రయ్యర్లు ఆగకుండానే నెట్టుకొస్తాయి.

రెండోది సగటుతో తేలని సంగతి. సాగిన చుట్టు బైమెటల్ పట్టీ పక్కకే జారితే, గాలి మొత్తంగా చల్లగా ఉన్నా ఆ పట్టీకి మాత్రం సెగ నేరుగా తగులుతుంది. డ్రయ్యర్ కింద పడిన తర్వాత మొదలైన సమస్య అయితే ముందు ఇది చూడాలి. పడినప్పుడు అభ్రకం రేకు విరిగి, కాయిల్ పక్కకు జరిగి ఉండవచ్చు.

మూడోది బాగా మోసం చేస్తుంది. కాయిల్ కొసను రివెట్‌తో బిగించిన చోట పగులు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉంటుంది, వేడికి తీగ సాగి విడిపోతుంది, చల్లారి మళ్లీ కలుస్తుంది. చూడటానికి అచ్చం బైమెటల్ పనే. తేడా ఏమిటంటే, దీనికి నాజిల్ తీసినా, జాలీ కడిగినా, గది చల్లబడినా సమయం పెద్దగా మారదు. రివెట్ దగ్గర నల్లటి కమురు మరకా, నడుస్తుండగా చిటచిట చప్పుడూ కూడా ఉంటాయి.

వీటిని కంటితో వేరు చేయడానికి ఒక ఉపాయం. గదిలో లైటు ఆర్పి, డ్రయ్యర్‌ను దూరంగా పట్టుకుని పక్క నుంచి మూతిలోకి చూడండి. మంచి డ్రయ్యర్‌లో తీగ మసక ఎరుపును మించదు, చాలాసార్లు అది కూడా కనబడదు. తీగంతా సమానంగా ఎర్రబారుతూ పోతుంటే గాలి చాలడం లేదు. మిగతాదంతా నల్లగా ఉండి ఒకే మూల నారింజ రంగులో వెలుగుతుంటే ఆ చోట కాయిల్ సాగిందో, సన్నబడిందో అనుకోవచ్చు.

మీటర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ప్లగ్ తీసి, స్విచ్‌ను హై మీద పెట్టి, ప్లగ్ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. రావాల్సిన అంకె ఈ సూత్రం ఇస్తుంది:

```
R = V² ÷ P = 230 × 230 ÷ 1200 ≈ 44
```

1600 వాట్లకు 33, 2000 వాట్లకు 26 చిల్లర. తయారీలో కొంత తేడా మామూలే. 1200 వాట్ల దానికి 42 నుంచి 48 మధ్య ఏది వచ్చినా కాయిల్‌ను అనుమానించనక్కర్లేదు. 40 కంటే కిందికి వస్తే చుట్లు తగులుతున్నాయేమో విప్పి చూడాలి. నైక్రోమ్ నిరోధం వేడికి పెద్దగా మారదు కాబట్టి చల్లగా తీసుకున్న అంకెను నమ్మవచ్చు. లో మీద మాత్రం కొలవకండి. చాలా డ్రయ్యర్లలో లో అంటే దారిలో ఒక డయోడ్ పెట్టి సగం తరంగాన్ని ఆపడమే. మీటర్ వైర్లు ఒకవైపు పెడితే ఒక అంకె, తిప్పి పెడితే ఇంకొకటి వచ్చి తికమక పెడుతుంది.

హై మీద కూడా OL అని చూపిస్తే దారి ఎక్కడో తెగింది. అప్పుడే థర్మల్ ఫ్యూజ్ వంతు వస్తుంది. విప్పాక ఫ్యూజ్ రెండు కాళ్ల మధ్య బీప్ వస్తే అది బాగుంది, రాకపోతే పోయింది. బైమెటల్ కాంటాక్టు కూడా గది వేడిలో బీప్ ఇవ్వాలి. రెండూ బాగుంటే తెగింది కాయిలో, స్విచ్చో, వైరో. వైర్ అయితే సాధారణంగా పిడి దగ్గర మెలిక పడే చోట తెగుతుంది. అది నిమిషం లెక్క చూసుకుని ఆగదు, చెయ్యి కదిపినప్పుడల్లా ఆగుతుంది.

మీటర్ చెప్పలేనిది గాలి గురించి. ఓమ్‌లు సరిగ్గా 44 వచ్చాయంటే కాయిల్ బాగుందని అర్థం, డ్రయ్యర్ బాగుందని కాదు.

ఒక డ్రయ్యర్‌ను వరసగా చూద్దాం

1200 వాట్లది, 50 సెకన్లకు ఫ్యానుతో సహా ఆగుతుంది, ఎనిమిది నిమిషాలకు తిరిగి వస్తుంది. తిరిగి వస్తోంది గనక ఫ్యూజ్ లెక్కలోంచి పోయింది. కూల్ బటన్ నొక్కి పట్టుకుని ఐదు నిమిషాలు నడిపితే ఆగలేదు. అంటే వైరూ స్విచ్చూ ఫరవాలేదు, ఆపుతున్నది వేడే. ప్లగ్ దగ్గర 45 ఓమ్‌లు వచ్చాయి, కాబట్టి చుట్లు తగలడం లేదు. జాలీ కడిగాక 50 సెకన్లు రెండున్నర నిమిషాలకు పెరిగాయి. ఈ పెరుగుదలే అన్నిటికంటే విలువైన ఆధారం. రివెట్ పగులైతే ఇంత తేడా రాదు. గాలి కొంత దొరికింది, ఇంకా చాలడం లేదు. చీకట్లో చూస్తే తీగంతా సమానంగా ఎర్రబారుతోంది. ఇక మిగిలింది ఫ్యానే. ఇరుసు మీద చుట్టుకున్న వెంట్రుకలను చిన్న కత్తెరతో కోసి ట్వీజర్‌తో లాగేస్తే పదిహేను నిమిషాలైనా ఆగకుండా నడవాలి. అప్పటికీ ఆగితే, ఏళ్ల తరబడి తెగుతూ కలుస్తూ బైమెటల్ పట్టీయే అలసిపోయి ముందుగానే వంగుతోందని అనుకోవాలి.

అమెరికా డ్రయ్యర్ అయితే ప్రశ్నే వేరు

అక్కడి నుంచి తెచ్చిన డ్రయ్యర్ మీద 120 వోల్టులు, 1875 వాట్లు అని ఉంటుంది. దాని నిరోధం 8 ఓమ్‌ల లోపే. 230 వోల్టులకు పెడితే లెక్క 6800 వాట్లు దాటుతుంది. నిమిషం దాకా కూడా నడవదు, ఎంసీబీ పడిపోవడమో కాయిల్ తెగడమో క్షణాల్లో జరుగుతుంది. రెండు వోల్టేజీల ప్రయాణపు డ్రయ్యర్లకు 125, 250 అని చిన్న మీట ఉంటుంది. అది 125 మీద ఉండిపోతే కూడా ఇదే గతి. ఇక్కడ కొన్న 230 వోల్టుల డ్రయ్యర్‌ను అక్కడికి తీసుకెళ్తే పావు వంతు వేడే వస్తుంది. అది ఆగదు గానీ జుట్టూ ఆరదు.

డైరెక్ట్ చేయవచ్చా అన్న వాదన

ఫ్యూజ్ పోయినప్పుడు దాన్ని తీసేసి రెండు కొసలనూ కలిపేయడాన్ని షాపుల్లో డైరెక్ట్ చేయడం అంటారు. చేసేవాళ్ల వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. సరైన డిగ్రీల ఫ్యూజ్ ప్రతి ఊళ్లోనూ దొరకదు, బైమెటల్ ఎలాగూ ఉంది, అది ఆపుతుంది కదా అంటారు. ఇబ్బంది ఏమిటంటే, బైమెటల్ కాంటాక్టులు తెగిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. వేల సార్లు తెగాక అవి అతుక్కుపోయే అవకాశం ఉంది. ఫ్యూజ్‌ను పెట్టిందే ఆ రోజు కోసం. పైగా ఫ్యూజ్ కరిగిన డ్రయ్యర్ అంటే బైమెటల్ ఇప్పటికే చాలాసార్లు తెగినదో, సరిగ్గా తెగనిదో అయ్యే అవకాశమే ఎక్కువ. దాన్నే నమ్ముకుని ఫ్యూజ్ తీసేస్తే, గాలి ఆగిన రోజున ప్లాస్టిక్ కరిగి అంటుకునేదాకా ఆపేది ఉండదు.

మార్చేటప్పుడు డిగ్రీలూ, ఆంపియర్లూ పాతదానికి సమానంగా ఉండాలి. 152 దొరకలేదని 172 వేయకూడదు. లోహపు ఒళ్లున్న ఫ్యూజ్ అయితే ఆ ఒంట్లోనే కరెంటు ఉంటుంది, పాత గాజునూలు గొట్టాన్ని తిరిగి తొడగాలి. కాళ్లను టంకం పెట్టడం కన్నా క్రింప్‌తో నొక్కడం మేలు. టంకం వేడికి కొత్త ఫ్యూజ్ అక్కడికక్కడే కరిగిపోవచ్చు. పైగా మామూలు టంకం 185 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడుతుంది, కాయిల్ పక్కన అది ఎక్కువ రోజులు నిలవదు. కాయిల్ సాగి ఉంటే లాగి సరిచేయడం కూడా పనికిరాదు. వాడిన నైక్రోమ్ పెళుసుగా ఉంటుంది, వంచిన చోటే విరుగుతుంది. అప్పుడు అభ్రకం చట్రంతో సహా మొత్తం సెట్టు మార్చాలి. ఆ సెట్టు చాలా మోడళ్లకు విడిగా దొరకదు, దొరికినా కొత్త డ్రయ్యర్ ధరకు దగ్గరగా ఉంటుంది.